పుస్తకంలో కట్టిన అప్పు, ఇంట్లో కట్టని అప్పు: మైక్రోఫైనాన్స్ సంస్థను ఎలా ఆడిట్ చేస్తారు?

కోల్‌కతా తూర్పు అంచున ఉన్న సాల్ట్ లేక్ సెక్టార్ 5ను చాలామంది ఐటీ కంపెనీల ప్రాంతంగానే గుర్తుపడతారు. తూర్పు భారతంలోని పల్లెల్లో, బస్తీల్లో మహిళలు తీసుకునే చిన్న అప్పుల లెక్కలు చివరికి చేరేది కూడా ఇక్కడికే. 2001లో స్వచ్ఛంద సంస్థగా మొదలై 2015లో బ్యాంకుగా మారిన బంధన్ ప్రధాన కార్యాలయం సాల్ట్ లేక్‌లోనే ఉంది. ఆరోహణ్ ఫైనాన్షియల్ సర్వీసెస్ కార్యాలయమూ ఇక్కడే ఉంది.

2024 అక్టోబరు 17న రిజర్వు బ్యాంకు నాలుగు ఎన్‌బీఎఫ్‌సీలపై ఆంక్షలు ప్రకటించింది. ఆ నాలుగింటిలో ఆరోహణ్ ఒకటి. అక్టోబరు 21 పనివేళలు ముగిసిన తర్వాత కొత్త అప్పులు మంజూరు చేయొద్దని, డబ్బు విడుదల చేయొద్దని ఆదేశించింది. ఉన్న అప్పుల వసూళ్లకు మాత్రం అడ్డు చెప్పలేదు. నాలుగు సంస్థలకూ కలిపి ఇచ్చిన ప్రకటనలో అధిక వడ్డీలతో పాటు మరో రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, సూక్ష్మరుణాల్లో కుటుంబ ఆదాయాన్ని, అప్పటికే ఉన్న వాయిదాల భారాన్ని నిబంధనల ప్రకారం లెక్కించకపోవడం. రెండోది, మొండిబాకీ గుర్తింపు నిబంధనలను పక్కనపెట్టడం వల్ల పాత అప్పులు 'పచ్చగా' కనిపించడం, అంటే ఎవర్‌గ్రీనింగ్. ఏ లోపం ఏ సంస్థలో దొరికిందో ఆ ప్రకటన విడివిడిగా చెప్పలేదు. దిద్దుబాటు చర్యల తర్వాత 2025 జనవరి 3న ఆరోహణ్‌పై ఆంక్షలను ఎత్తేసింది.

ఈ రెండు లోపాలూ బ్యాలెన్స్ షీట్ చూస్తే కనిపించవు. బ్రాంచిలో, ఆ తర్వాత అప్పు తీసుకున్నామె ఇంట్లో చూడాలి. మైక్రోఫైనాన్స్ ఆడిట్ మిగతా ఆడిట్‌లకు భిన్నంగా ఉండేది అందుకే.

తాకట్టు లేదు, కాగితమే ఆధారం

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం. ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలకు కట్టాల్సిన మొత్తం నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇల్లు గానీ బంగారం గానీ తాకట్టు ఉండదు కాబట్టి, తిరిగి కట్టే స్తోమత ఉందని చెప్పే ఆదాయ పత్రమే సంస్థకున్న ఏకైక రక్షణ. ఆ పత్రం నింపేది ఫీల్డ్ ఆఫీసర్. నెలకు ఇన్ని అప్పులు ఇప్పించాలనే టార్గెట్ ఉండేది కూడా అతనికే. ఆడిటర్ అనుమానం ఇక్కడే మొదలవుతుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒకామె 24 శాతం వార్షిక వడ్డీకి 40,000 రూపాయలు తీసుకుంది. 24 నెలసరి వాయిదాల్లో తీర్చాలి. వాయిదా సుమారు 2,115 రూపాయలు. పన్నెండు వాయిదాలు సక్రమంగా కట్టింది. అప్పటికి మిగిలిన అసలు దాదాపు 22,365. ఆ తర్వాత ఇంట్లో జబ్బు చేసి వరుసగా మూడు వాయిదాలు తప్పింది. మొదటి వాయిదా తప్పి 75 రోజులైంది. బాకీ 90 రోజులు దాటితే దాన్ని నిరర్థక ఆస్తిగా చూపాలి. అంటే బ్రాంచి మేనేజరుకు ఇంకా రెండు వారాలే ఉన్నాయి.

అప్పుడు అదే బ్రాంచి ఆమెకు 50,000 రూపాయల కొత్త అప్పు మంజూరు చేసింది. అందులోంచి వడ్డీతో కలిపి దాదాపు 24,000 పాత బాకీకి జమ వేసుకుంది. ఫీజులు, బీమా పోను ఆమె చేతికి 25,000 వరకు వచ్చింది. పుస్తకంలో పాత అప్పు 'పూర్తిగా చెల్లింపు' అయింది, కొత్త అప్పుకు ఇంకా ఒక్క వాయిదా కూడా తప్పలేదు. బ్రాంచి లెక్కలో మొండిబాకీ లేదు. ఆ ఇంట్లో మాత్రం బాకీ రెట్టింపు దాటింది. నెల వాయిదా 2,644కు పెరిగింది.

ఆదాయం గడిలో దొరికే ఆనవాలు

ఆమెకు మరో రెండు సంస్థల్లో నెలకు 1,800, 2,000 చొప్పున వాయిదాలున్నాయనుకుందాం. కొత్త వాయిదాతో కలిపితే మొత్తం 6,444. కుటుంబం నిజమైన నెల ఆదాయం 12,000 అయితే పరిమితి 6,000 కాబట్టి ఈ అప్పు ఇవ్వకూడదు. ఫారంలో ఆదాయం 13,000 అని రాస్తే పరిమితి 6,500 అవుతుంది, అప్పు పాసవుతుంది.

ఒక్క ఫైలు చూస్తే ఇందులో తప్పు కనిపించదు. అందుకే అనుభవమున్న ఆడిటర్ బ్రాంచిలోని ఫైళ్లన్నిటి ఆదాయాలనూ వరుసగా పేర్చి చూస్తాడు. కుటుంబాల ఆదాయాలు సహజంగా చెల్లాచెదురుగా ఉండాలి. చాలా ఫైళ్లలో వాయిదాలు ఆదాయంలో 48, 49 శాతం దగ్గరే ఆగితే, ఆదాయాన్ని బట్టి అప్పు ఇవ్వలేదని, అప్పును బట్టి ఆదాయం రాశారని అర్థం. కూలీ, పాడి, కుట్టుపని వంటి ఆదాయాలు ఊరంతటికీ ఒకే అంకెలో ఉన్నా అదే అనుమానం. ఫారంలో రాసిన ఇతర అప్పులను క్రెడిట్ బ్యూరో నివేదికతో పోల్చడం తర్వాతి మెట్టు. ఆ నివేదిక మంజూరుకు ముందు తీసిందా, తర్వాత తీసి ఫైల్లో పెట్టిందా అన్నది దాని మీది తేదీ చెబుతుంది.

పాత అప్పు మూసిన రోజు, కొత్త అప్పు ఇచ్చిన రోజు ఒకటేనా అన్నది కంప్యూటర్‌లో సులువుగా తీయొచ్చు. సక్రమంగా కడుతున్నవారికి అదనపు అప్పు ఇవ్వడం మామూలే. కాబట్టి ఒకే రోజు జరగడమే తప్పు కాదు. మూసే ముందు ఆ ఖాతా ఎన్ని రోజులు బకాయి పడిందన్నదే అసలు ప్రశ్న. 60 రోజులు దాటినవి అలా మూతపడితే ప్రతి ఫైలునూ విడిగా చూడాలి.

డబ్బు ఎవరి చేతికి వెళ్లింది?

ఇప్పుడు అప్పు ఎక్కువగా నేరుగా బ్యాంకు ఖాతాలోకే వెళుతోంది. అయినా ఖాతాలో పడినంత మాత్రాన ఆమె చేతిలో పడినట్టు కాదు. గ్రూపు లీడరో, స్థానిక మధ్యవర్తో నలుగురైదుగురి పేర్లతో అప్పులు తీసి తానే వాడుకోవడం ఈ రంగంలో పాత జబ్బు. వేర్వేరు సభ్యుల ఫారాల్లో ఒకే ఫోన్ నంబరు ఉండటం, అందరి వాయిదాలూ ఒకే యూపీఐ నుంచి రావడం దీని గుర్తులు. ఇంటికి వెళ్లినప్పుడు ఆడిటర్ "అప్పు తీసుకున్నారా?" అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. "ఎంత వచ్చింది, దేనికి వాడారు, వాయిదా ఎవరు కడుతున్నారు?" అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ సమయంలో ఫీల్డ్ ఆఫీసర్ పక్కన ఉండకూడదు.

నగదు సంచి, లోన్ కార్డు

వసూళ్లలో నగదు ఇంకా చాలానే ఉంది. ఫీల్డ్ ఆఫీసర్ సెంటర్ మీటింగుల్లో డబ్బు తీసుకుని, ట్యాబ్‌లో నమోదు చేసి, సభ్యురాలి లోన్ కార్డులో సంతకం పెట్టి, బ్రాంచికి తెచ్చి అప్పగించాలి. వాయిదా అందినట్టు కార్డులో రాసివ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన కూడా. కాబట్టి ఒకే చెల్లింపుకు మూడు సాక్ష్యాలుంటాయి: ఆమె కార్డు, సిస్టమ్‌లోని ఎంట్రీ, బ్రాంచి క్యాష్ పుస్తకం. నగదు ఆడిట్ అంటే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే.

చెప్పకుండా వెళ్లి ముందుగా చేసే పని నగదు లెక్క. సిబ్బంది వసూళ్లకు బయల్దేరకముందే లాకర్ తెరిపించి, నోట్ల వారీగా ఎంచి, ముందురోజు నిల్వతో సరిచూస్తారు. లాకర్ తాళాలు రెండూ ఒకరి దగ్గరే ఉంటే, నగదు సరిపోయినా అది లోపమే.

వాడేసిన డబ్బును కప్పిపుచ్చడానికి ఎక్కువగా వాడే పద్ధతి ఒకటుంది. సోమవారం సెంటర్ డబ్బు జేబులో వేసుకుంటారు, మంగళవారం సెంటర్ డబ్బును సోమవారం పేరుతో జమ చేస్తారు, బుధవారానిది మంగళవారానికి. మొత్తం ఎప్పుడూ సరిపోతుంది, తేదీలు మాత్రం సరిపోవు. కార్డులో 4వ తేదీ, సిస్టమ్‌లో 5వ తేదీ ఉండటం ఒకసారి పొరపాటు కావచ్చు. ఒకే ఆఫీసర్ సెంటర్లన్నిటిలో ఒకరోజు తేడా ఉంటే పొరపాటు కాదు.

దీనికంటే కనిపెట్టడం కష్టమైనది ముందస్తు చెల్లింపు. ఎవరైనా పంట డబ్బు వచ్చిందని మిగిలిన బాకీ ఒకేసారి కట్టేస్తే, ఆఫీసర్ ఆ మొత్తం వాడుకుని ఆమె ఖాతాలో నెలనెలా వాయిదా మాత్రం వేస్తూ పోతాడు. ఇలాంటి ఖాతాలో బకాయి ఉండదు కాబట్టి బకాయిల జాబితా చూసే ఆడిటర్‌కు ఇది ఎప్పటికీ దొరకదు. అందుకే ఇంటింటి తనిఖీకి ఎంచే నమూనాలో సక్రమంగా కడుతున్న ఖాతాలూ ఉండాలి, ముఖ్యంగా సభ్యురాలు మీటింగులకు రావడం మానేసినా వాయిదా మాత్రం ఆగని ఖాతాలు.

పోర్ట్‌ఫోలియో ఆరోగ్యం: కింది అంకెను చూడాలి

30 రోజులకు మించి బకాయి పడిన ఖాతాల్లో మిగిలిన మొత్తం అసలును, మొత్తం పోర్ట్‌ఫోలియోతో భాగిస్తే వచ్చేదే పీఏఆర్-30. ఒక బ్రాంచికి 4 కోట్ల పోర్ట్‌ఫోలియో, అందులో 8 లక్షల బకాయి ఖాతాలు ఉంటే అది 2 శాతం. మూడు నెలల్లో కొత్త అప్పులతో పోర్ట్‌ఫోలియో 5 కోట్లయితే, అవే 8 లక్షలు 1.6 శాతానికి తగ్గుతాయి. ఒక్క రూపాయి కూడా వసూలు కాకుండానే నాణ్యత మెరుగుపడినట్టు కనిపిస్తుంది. కొత్త అప్పుకు బకాయి పడే వయసు ఇంకా రాలేదన్నదే కారణం. రానిబాకీలను రద్దు చేసి పుస్తకంలోంచి తీసేసినా శాతం తగ్గుతుంది.

దీనికి విరుగుడు, ఒక త్రైమాసికంలో ఇచ్చిన అప్పులను మాత్రమే ఒక గుంపుగా తీసుకుని ఆరు నెలలకు, ఏడాదికి ఎంత శాతం బకాయి పడిందో చూడటం. రద్దు చేసినవాటిని, తిరిగి అప్పు ఇచ్చి మూసినవాటిని ఈ లెక్కలో మళ్లీ కలపాలి. ఒక్కో త్రైమాసికపు గుంపు అంతకుముందు దానికంటే త్వరగా బకాయి పడుతుంటే, పై శాతం ఎంత తక్కువగా ఉన్నా బ్రాంచి దిగజారుతున్నట్టే.

ఈ పాఠం తెలుగువారికి కొత్తది కాదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చే ముందు రోజు వరకు, దాదాపు పూర్తి వసూళ్లు ఉన్నాయని సంస్థలు గర్వంగా చెప్పుకున్నాయి. వాయిదాలు నిజంగానే వస్తున్నాయి. కానీ ఒక సంస్థ వాయిదా మరో సంస్థ అప్పుతో కడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. కొత్త అప్పులు ఆగగానే రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది, అప్పుల సమాచారాన్ని క్రెడిట్ బ్యూరోలకు చేర్చడం ఆ తర్వాతే తప్పనిసరైంది.

బ్యూరో సమాచారం వచ్చాక ఆడిటర్ పని సులువైంది గానీ పూర్తికాలేదు. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన చేబదులు, పక్కింటావిడ పేరుతో తీసిన అప్పు బ్యూరోలో కనిపించవు. వాయిదా డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, చివరికి ఆ ఇంటి గడపలో కూర్చుని అడగాల్సిందే.