కడప మాట, యంత్రం రాత: దిద్దుబాటులో చెరిగిపోయే గీత

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల మాటతీరు మీద పనిచేసే నాకు, యంత్రం రాతను పసిగట్టే పద్ధతుల మీద వస్తున్న వ్యాసాలు చదివినప్పుడల్లా ఒకటే చిరాకు. రాత మనిషిదైనా కావాలి, యంత్రానిదైనా కావాలి అంటారు. మధ్యలో పడే దిద్దుబాటు వాళ్ల లెక్కలోకి రాదు.

2023లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఎరిక్ మిచెల్ బృందం తెచ్చిన డిటెక్ట్‌జీపీటీనే తీసుకుందాం. యంత్రం రాసిన పాఠంలో పదాలను కాస్త కదిపితే దాని సంభావ్యత పడిపోతుందనీ, మనిషి రాతలో అలా ఖాయంగా పడిపోదనీ వాళ్ల వాదం. దాదాపు పావువంతు పాఠం మార్చినా పద్ధతి బాగానే నిలిచిందని చూపించారు, కాదనను. కానీ ఆ మార్పులు చేసింది మరో యంత్రం, అదీ ఎక్కడబడితే అక్కడ. మనిషి అలా దిద్దడు. ఏరి ఏరి క్రియల మీద చెయ్యి వేస్తాడు.

ఉదాహరణకు నేనే కట్టిన రెండు వాక్యాలు చూడండి. పులివెందుల చీనీ రైతు మాట ఇది: “నీళ్లు సాలక కాయ రాలిపోతాంది, బోరు యేసినా నాలుగు నాళ్లకే ఎండిపాయ.” పత్రికకు పంపే ముందు పైపైన దిద్దితే: “నీళ్లు చాలక కాయ రాలిపోతోంది, బోరు వేసినా నాలుగు నాళ్లకే ఎండిపోయింది.” నాలుగు పదాలే మారాయి. ఊహ, వరుస, బాధ అన్నీ రైతువే. కానీ భాషా నమూనా ఊహించలేని రూపాలు ఆ నాలుగే, అవే పోయాయి.

ఇక యంత్రం ధోరణి: “నీటి కొరత కారణంగా చీనీ తోటల్లో కాయలు రాలిపోవడం రైతులకు ప్రధాన సమస్యగా మారింది.” గట్టిగా దిద్దితే: “నీళ్లు ల్యాక చీనీ కాయలన్నీ రాలిపాయ, రైతు పని ఐపాయ.” ఇందులో మాట మనిషిది, విషయం మాత్రం యంత్రం అందించిన మూసే. సంభావ్యతను బట్టి తూచితే, దిద్దిన రైతు వాక్యమే యంత్రానికి దగ్గరగా తేలుతుంది. (కడప యాసను తుడిచేయడం యంత్రంతో మొదలైంది కాదులెండి, మన ప్రూఫ్ రీడర్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే.)

అదే ఏడాది వైషిన్ లియాంగ్ బృందం, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు సాధనాలకు ఇస్తే, సగటున సగానికి పైగా యంత్రానివని తేలాయి. వాటి పదసంపదను చాట్‌జీపీటీతో పెంచితే ఆ పొరపాటు తగ్గింది. యంత్రం చెయ్యి పడ్డాకే మనిషి రాతలుగా చెల్లాయన్నమాట!

తెలుగులో ఇంత కొలత జరిగినట్టు నేను చూడలేదు. అయినా ఈ సాధనాలు పట్టేది కర్తను కాదు, ప్రామాణిక భాషకు రాత ఎంత దగ్గరగా ఉందన్నదాన్నే అని నా నిర్ణయం. కడప పల్లెల మీద వచ్చే సిద్ధాంతవ్యాసానికి స్కోరు అడిగే పర్యవేక్షకులు, ముందు దాని చిత్తుప్రతినీ క్షేత్రంలో చేసిన రికార్డింగునూ అడగాలి.