ప్రశ్నకు పెట్టే పరీక్ష

పరీక్షలో విద్యార్థి తప్పు జవాబు గుర్తిస్తే ఆ తప్పు విద్యార్థిదేనని అనుకోవడం లోకరీతి. తప్పు ప్రశ్నలోనే వుండటానికి కూడా అవకాశమున్నది. వ్యాసరూపంలో జవాబు రాయించినప్పుడు దిద్దే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడు ప్రశ్నను ఏ అర్థంలో తీసుకొన్నాడో గ్రహించి, న్యాయం చేయగలడు. నాలుగు జవాబులిచ్చి ఒకదానిని గుర్తించమనే ప్రశ్నలో ఆ వెసులుబాటు లేదు. గుర్తు ఒకచోట పడితే ఒక మార్కు, మరొకచోట పడితే సున్న. ఎందుకు అక్కడ గుర్తు పెట్టాడో అడిగేవారెవరూ వుండరు. అందువల్ల ఈ రకం ప్రశ్నలు వ్యాపించిన కొద్దికాలానికే, ప్రశ్నలను సైతం పరీక్షించి ఏరివేసే పద్ధతి అవసరమయింది. దానినే అంశ విశ్లేషణ అంటారు.

ప్రశ్నను పిల్లల జవాబులతోనే తూచి చూడాలన్న ఆలోచన ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ చేసిన పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. వారు 1905లో తయారుచేసిన బుద్ధి పరీక్షను 1908లో సవరించి, ప్రశ్నలను వయస్సుల వారీగా అమర్చారు. ఏ ప్రశ్న ఏ వయస్సుకు తగినదో ఊహ మీద నిర్ణయించక, ఆ వయస్సు పిల్లల్లో ఎక్కువమంది దానిని చేయగలిగారా లేదా అని చూచారు. తరువాత అమెరికాలో ఫ్రెడరిక్ కెల్లీ 1915లో కాన్సాస్ పాఠశాలల కోసం, ఇచ్చిన జవాబులలో సరైనదానిని గుర్తించే పఠన పరీక్షను ప్రవేశపెట్టాడు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగగానే సుమారు 17 లక్షలమంది సైనికులకు ఇటువంటి పరీక్షలు పెట్టారు. యుద్ధం ముగిశాక అవి బడులలోకి, కళాశాలలలోకి వచ్చాయి.

మొదట అందరికీ తట్టిన కొలత చాలా సులువైనది. ప్రశ్నకు ఎందరు సరిగా జవాబిచ్చారో లెక్కించి, ఆ సంఖ్యను మొత్తం విద్యార్థుల సంఖ్యతో భాగించడమే. 100 మందిలో 70 మంది సరిగా గుర్తిస్తే 0.70. దీనికి కఠినతా సూచిక అని పేరు. పేరు మాత్రం తిరకాసుగా వున్నది. సూచిక పెరిగినకొద్దీ ప్రశ్న సులువవుతుంది కాబట్టి, దీనిని సులభతా సూచిక అని పిలిచివుంటే విద్యార్థులకు కొంత తికమక తప్పేది. నాలుగు జవాబుల ప్రశ్నలో ఏమీ తెలియనివారందరూ గుడ్డిగా గుర్తు పెట్టినా సుమారు 0.25 వస్తుందన్న సంగతి కూడా ఇక్కడ మరువరాదు.

ఈ సూచిక ఎందరు అన్నది చెబుతుంది గాని, ఎవరు అన్నది చెప్పదు. సగంమంది సరిగా చేసిన ప్రశ్నలో ఆ సగం పాఠం వచ్చినవారా, రానివారా? ఈ తేడాను పట్టుకోవడానికి రెండవ కొలత కావలసివచ్చింది. మొత్తం పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవారు ఆ ప్రశ్నను ఎంతవరకు సరిగా చేశారు, తక్కువ మార్కులు వచ్చినవారు ఎంతవరకు చేశారు అని పోల్చి చూడాలి. ఉపాయం తేలికే, శ్రమే తేలిక కాదు. 400 మంది రాసిన 100 ప్రశ్నల పరీక్షలో 40,000 గుర్తులను చేతితో లెక్కించాలి. గణనయంత్రాలు లేని ఆ రోజులలో అందరి పత్రాలనూ తీసుకోక, పైభాగం నుంచి కొన్ని, అడుగుభాగం నుంచి కొన్ని పత్రాలు మాత్రమే తీసి పోల్చడం వాడుకలోకి వచ్చింది. అయితే ఎన్ని తీయాలి? ఒకరు సగం సగం అన్నారు, మరొకరు నాలుగవ వంతు చాలునన్నారు.

హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ట్రూమన్ కెల్లీ (కాన్సాస్ కెల్లీ వేరు, ఈయన వేరు) 1939లో ఒక వ్యాసంలో ఈ చిక్కును విప్పాడు. చిక్కు ఇది. కొసనున్నవారిని కొద్దిమందినే తీసుకొంటే రెండు గుంపుల మధ్య తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. కాని మనుషులు తక్కువ కాబట్టి ఆ తేడాను నమ్మలేము. ఎక్కువమందిని తీసుకొంటే నమ్మకం పెరుగుతుంది. కాని మధ్యరకంవారు చేరి తేడాను పలుచన చేస్తారు.

మార్కులు గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తాయని భావించి, 100 మంది తరగతిని తీసుకొందాము. మొత్తం సగటు నుంచి దూరాన్ని క్రమ విచలనంతో కొలిస్తే, పై 10 మంది సగటు 1.755 ఎత్తున వుంటుంది. పై 27 మంది సగటు 1.225 ఎత్తున, పై 50 మంది సగటు 0.798 ఎత్తున వుంటాయి. గుంపు పెద్దదయినకొద్దీ దాని నమ్మకం సంఖ్య యొక్క వర్గమూలం చొప్పున పెరుగుతుంది. 10కి వర్గమూలం 3.16, 27కు 5.20, 50కి 7.07. ఎత్తును ఈ వర్గమూలంతో గుణిస్తే వరుసగా 5.5, 6.4, 5.6 వస్తాయి. శిఖరం 27 దగ్గర వున్నది. 27 శాతం నియమం ఇలా పుట్టింది.

పుస్తకాలలో ఈ 27ను చూచిన పలువురు దానికొక మహిమ వున్నదని భావిస్తారు. ఆ శిఖరం సూదిమొన వంటిది కాదు, చదునైన గుట్ట వంటిది. 25 శాతానికి కూడా లెక్క 6.4 గానే వస్తుంది, 33 శాతానికి 6.3 వస్తుంది. 1957లో ఎడ్వర్డ్ క్యూరెటన్ మరొక సంగతి చూపాడు. మార్కులు గంట ఆకారంలో గాక అన్ని అంతస్తులలోనూ సమంగా పరచుకొని వుంటే శ్రేష్ఠమైన భాగం 33 శాతం. కనుక చిన్న తరగతిలో మూడవ వంతు తీసుకొన్న ఉపాధ్యాయుడు ఏ నియమాన్నీ భంగపరచినట్లు కాదు.

ఇక రెండవ కొలతకు 1951లో ఏ. పి. జాన్సన్ ఎంతో సరళమైన రూపమిచ్చాడు. పై గుంపులో సరిగా చేసినవారి సంఖ్య నుంచి కింది గుంపులో సరిగా చేసినవారి సంఖ్యను తీసివేసి, ఒక గుంపులోని మనుషుల సంఖ్యతో భాగించాలి. ఇదే విచక్షణా సూచిక. పైవారందరూ సరిగా, కిందివారందరూ తప్పుగా చేస్తే 1 వస్తుంది, తేడా లేకుంటే సున్న, తలకిందులయితే ఋణసంఖ్య. 

ఒక ఉదాహరణ చూద్దాము. 100 మంది రాసిన భౌతికశాస్త్ర పరీక్షలో పై 27, కింది 27 పత్రాలు తీశారనుకొందాము. ఒక ప్రశ్న: "భూమి మీద 6 కిలోగ్రాముల ద్రవ్యరాశి గల రాయి ద్రవ్యరాశి చంద్రుని మీద ఎంత?" ఇచ్చిన జవాబులు 0, 1, 6, 36 కిలోగ్రాములు. సరైనది 6. పై గుంపులో 20 మంది, కింది గుంపులో 8 మంది 6ను గుర్తించారు. కఠినతా సూచిక 54కు 28, అనగా 0.52. విచక్షణా సూచిక 27కు 12, అనగా 0.44. తప్పు జవాబులు కూడా తమ పని చేశాయి. కింది గుంపులో 13 మంది 1 కిలోగ్రామును గుర్తించారు. బరువుకు, ద్రవ్యరాశికి తేడా తెలియనివాడు చంద్రుని ఆకర్షణ ఆరవ వంతు అన్నది మాత్రం గుర్తుంచుకొని పడే గుంట అది. పై గుంపులో అందులో పడినవారు 5 మందే. ఈ ప్రశ్న నిలువదగినది.

అదే పత్రంలో మరొక ప్రశ్న: "నీరు ఎంత ఉష్ణోగ్రత వద్ద మరుగుతుంది?" నాలుగు జవాబులు: 90 డిగ్రీలు, 100 డిగ్రీలు, 110 డిగ్రీలు, పీడనం తెలియనిదే చెప్పలేము. ప్రశ్న రాసినవారు సరైనదిగా పెట్టుకొన్నది 100 డిగ్రీలు. జవాబులు ఇలా పడ్డాయి.

పై గుంపు: 90కి 1, 100కు 9, 110కి 0, పీడనానికి 17.
కింది గుంపు: 90కి 5, 100కు 15, 110కి 3, పీడనానికి 4.

కఠినతా సూచిక 54కు 24, అనగా 0.44. దీనిని మాత్రమే చూచినవారు ప్రశ్న చక్కని మధ్యరకమని వదిలిపెడతారు. విచక్షణా సూచిక మాత్రం 9లో నుంచి 15 పోగా మిగిలిన −6ను 27తో భాగిస్తే −0.22. ఎక్కువ తెలిసినవారికే ఇక్కడ మార్కు పోయింది. నీరు మరిగే ఉష్ణోగ్రత పీడనాన్నిబట్టి మారుతుందని చదివి, అర్థం చేసుకొన్న 17 మంది తమ జ్ఞానానికి జరిమానా కట్టారు. ప్రశ్నలో "సముద్రమట్టం వద్ద సాధారణ వాతావరణ పీడనంలో" అన్న మాట చేర్చి, నాలుగవ జవాబును మార్చితే దోషం తొలగుతుంది. ఫలితాలు ప్రకటించకముందే లెక్క చూస్తే ఆ 17 మందికి న్యాయం కూడా చేయవచ్చు.

ఋణ సూచిక కనబడినప్పుడు పైవారు ఎక్కడ గుమికూడారో చూడాలి. అందరూ ఒకే తప్పు జవాబు వద్ద చేరివుంటే, మొదట జవాబుల పట్టికలో అచ్చుతప్పు పడిందేమో పరిశీలించాలి. అది సరిగానే వుంటే ప్రశ్నకు రెండు అర్థాలు వస్తున్నాయేమో చూడాలి. నాలుగింటిమీదా సమంగా చెదరిపోయివుంటే ఆ పాఠం ఎవరికీ రాలేదని, అందరూ గుడ్డిగా గుర్తించారని అనుకోవచ్చు. అప్పుడు సవరించవలసింది ప్రశ్నను కాదు, బోధనను.

అమెరికన్ విద్యావేత్త రాబర్ట్ ఎబెల్ 1965లో ప్రచురించిన గ్రంథంలో విచక్షణా సూచికకు హద్దులు సూచించాడు. 0.40, ఆపైన చాలా మంచివి, 0.30 నుంచి 0.39 వరకు బాగున్నవి, 0.20 నుంచి 0.29 వరకు సవరించదగినవి; అంతకు తక్కువైనవి తీసివేయవలసినవి లేదా తిరగరాయవలసినవి. భారతదేశానికి ఈ పద్ధతులు 1950ల చివరిలో వచ్చాయి. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ బ్లూమ్ మన దేశానికి వచ్చి పరీక్షల సంస్కరణపై సదస్సులు జరిపాడు. 1958లో కేంద్ర పరీక్షా విభాగం ఏర్పడింది. ఎబెల్ హద్దులు నేటికీ బి.ఎడ్. తరగతులలో బోధిస్తున్నారు, యంత్రాల మీద లెక్కగట్టేవారు కూడా వాటిని వాడుతున్నారు.

వాటిని గుడ్డిగా వాడితే మాత్రం ప్రమాదమే. రెండు సూచికలకు లంకె వున్నది. ఒక ప్రశ్నకు కఠినతా సూచిక 0.90 అనుకొందాము. పై గుంపంతా సరిగా చేసినా, సగటు 0.90 కావాలంటే కింది గుంపులో 0.80 భాగం సరిగా చేసివుండాలి. అంటే విచక్షణా సూచిక 0.20కి మించి పెరగడానికి చోటేలేదు. ప్రతి విద్యార్థికీ తప్పక తెలియవలసిన ముఖ్యవిషయాన్ని అడిగిన ప్రశ్నను, సూచిక తక్కువని తీసిపారేయడం తెలివితక్కువ.

సంఖ్యల చిన్నతనాన్ని కూడా గమనించాలి. గుంపుకు 27 మంది వున్నప్పుడు విచక్షణా సూచికలో కేవలం యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట సుమారు 0.14 వరకు వుంటుంది. 40 మంది తరగతిలో గుంపుకు వచ్చేది 11 మందే. అక్కడ ఒక్క విద్యార్థి జవాబు మారితే సూచిక 0.09 కదులుతుంది. 0.28కీ 0.32కీ మధ్య గీత గీసి ఒకటి పనికిరాదని, మరొకటి పనికివస్తుందని తీర్పు చెప్పడానికి అటువంటి తరగతి ఆధారం కాజాలదు. అదే ప్రశ్నను మూడు నాలుగు సంవత్సరాల తరగతులలో వాడి, లెక్కలు కలిపి చూడాలి.

అన్నింటికన్న లోతైన లోపం వేరొకటి. పైవారు, కిందివారు అని విభజించినది ఆ పరీక్షలోని మొత్తం మార్కులనుబట్టే. ఆ పరీక్షలోని 50 ప్రశ్నలలో 47 కంఠస్థం చేసిన నిర్వచనాలను అడిగి, మూడు మాత్రమే ఆలోచనను అడిగితే, పై గుంపులో చేరేది ఎక్కువగా కంఠస్థం చేసినవారే. ఆలోచనను అడిగిన ఆ మూడు ప్రశ్నలకే విచక్షణా సూచిక తక్కువగా రావచ్చు. సూచికను మాత్రమే నమ్మిన పరీక్షకుడు ఆ మూడింటినీ తొలగిస్తాడు, తరువాతి సంవత్సరపు పరీక్ష మరింత కంఠస్థమయం అవుతుంది, సూచికలు మాత్రం ఇంకా మెరుగ్గా కనిపిస్తాయి. ఈ వలయంలో పడకుండా వుండాలంటే, ఏ ప్రశ్న దేనిని అడుగుతున్నదో లెక్క తీయకముందే పట్టిక రాసుకొని, లెక్క వచ్చాక ఆ పట్టికను పక్కన పెట్టుకొని చూడాలి.