సప్రమాణత (మార్కెటింగ్ పరిశోధన)

కొలవదలచినదాన్నే సర్వే కొలుస్తోందా అన్నదే సప్రమాణత. విజయవాడలో పెరుగు బ్రాండుపై విధేయతను కొలిచే ఒక ఊహా సర్వేను తీసుకుందాం. ప్రశ్నలు చదవగానే సబబుగా అనిపిస్తే ముఖ సప్రమాణత ఉన్నట్టు. ఇది అన్నిటికన్నా బలహీనమైన ఆధారం. విషయ సప్రమాణతకు నిపుణుల తీర్పు కావాలి. లాషీ 1975లో సూచించిన లెక్కలో, పదిమందిలో ఎనిమిదిమంది ఒక ప్రశ్నను అత్యవసరమంటే నిష్పత్తి (8−5)/5, అంటే 0.60. పదిమంది మండలికి ఆయన పట్టిక అడిగే కనీస విలువ 0.62 కాబట్టి ఆ ప్రశ్న నిలవదు.

అసలు చిక్కు నిర్మాణ సప్రమాణతలో ఉంది. "ఎప్పుడూ ఇదే కొంటాను" అన్న జవాబు విధేయత కాకపోవచ్చు. వీధి చివరి కొట్లో ఆ ప్యాకెట్టొక్కటే దొరుకుతూ ఉండవచ్చు. అందుకే "అది లేకపోతే మరో కొట్టుకు వెళ్తారా?" అని కూడా అడగాలి. ఈ జవాబు విధేయత స్కోరుతో కలిసి నడవాలి. కొట్టు ఎంత దగ్గరన్నదానితో మాత్రం స్కోరుకు గట్టి సంబంధం ఉండకూడదు. ఉంటే కొలిచింది సౌలభ్యాన్నే.

ఇక బాహ్య సప్రమాణత. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఎదురైనవారినే అడిగితే, ఆ ఫలితాన్ని దివిసీమ పల్లెల్లో పాడి ఉన్న ఇళ్లకు అన్వయించలేం. ఇంట్లోనే తోడుపెట్టుకునేవారు ఆ నమూనాలోకి దాదాపుగా రారు. ఈ సప్రమాణతను సమర్థించాలంటే పట్టణం, పల్లె వారీగా నమూనా తీసి, ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి అడగాలి. అది కుదరకపోతే నివేదిక శీర్షికలోనే "బీసెంట్ రోడ్డు కొనుగోలుదారులు" అని పరిధి రాయాలి.