తలకిందుల నవ్వు ముఖం (🙃)

తలకిందుల నవ్వు ముఖం చాటింగ్‌లో వాడే ఒక ఎమోజీ. 2015లో యూనికోడ్ 8.0తో U+1F643 సంకేతంగా చేరింది. మామూలు చిరునవ్వునే తిరగేసిన బొమ్మ ఇది. అందుకే పక్కనున్న మాటనూ తిరగేసి చదవమనే సూచనగా చాలామంది, ముఖ్యంగా యువత, దీన్ని వాడుతున్నారు.

అర్థం బొమ్మలో కన్నా సందర్భంలో ఉంటుంది. “ఆదివారం కూడా ఆఫీసుకి రమ్మన్నారు, ఎంత అదృష్టమో 🙃” అంటే వ్యంగ్యం: జరిగింది చెడు, మాట మాత్రం పొగడ్త. “మళ్లీ కరెంటు పోయింది 🙃” అన్నప్పుడు మాట సూటిగానే ఉంది. ముఖం చెప్పేది విసిగి వేసారిన నిస్సహాయత. చెడు వార్తేమీ లేని “రేపు కలుద్దాం 🙃” ఉత్త అల్లరి కావచ్చు.

దీన్ని నిజమైన సంతోషంగా చదవడమే తరచూ జరిగే పొరపాటు. మొదటి సందేశానికి “కంగ్రాట్స్” అని జవాబిస్తే అవతలి మనిషి నొచ్చుకుంటారు. ప్రతిసారీ దెప్పిపొడుపుగా తీసుకోవడమూ తప్పే. ఆ విసుగు చాలావరకు పరిస్థితి మీదే, చదివేవారి మీద కాదు. క్షమాపణకు చేరిస్తే మాత్రం ఆ క్షమాపణే వెటకారంలా ధ్వనిస్తుంది. సంతాప సందేశాల్లో అసలు వాడకూడదు. అర్థం తేలకపోతే ఊహించుకోకుండా “ఏమైంది?” అని అడగండి.