కెమెరా తెర మీది అంకెలు, రాత్రి ఫొటోలోని మసక

డిజిటల్ కెమెరా వెనుక తెర అడుగున `1/8  F5.6  ISO 1600` వంటి అంకెల వరుస ఒకటి కనిపిస్తుంది. ఇందులో మొదటిది షట్టర్ స్పీడ్, అనగా సెన్సర్ మీద వెలుగు పడిన కాలం. ఇక్కడ అది సెకనులో ఎనిమిదో వంతు. రెండవది ఎపర్చర్, అనగా వెలుగు లోనికి వచ్చే లెన్సు రంధ్రపు కొలత. లెన్సు నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగించగా వచ్చే సంఖ్య కాబట్టి అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. మూడవదైన ఐఎస్ఓ సున్నితత్వాన్ని సూచిస్తుంది. ఈ అంకె రెట్టింపైతే అంతే ప్రకాశం గల చిత్రానికి సగం వెలుగు సరిపోతుంది గాని, చిత్రంలో గరుకుదనం పెరుగుతుంది.

ఫొటో ఎందుకు మసకబారిందో తెలుసుకోవడానికి కెమెరా తెరనే ఫోనుతో ఫొటో తీసి మరొకరికి పంపడం నేడు పరిపాటి. అటువంటి చిత్రాన్ని చదివేటప్పుడు ముందుగా అంకెల అంచులను గమనించాలి. అంకెలు కూడా చెదిరి ఉంటే ఆ మసక ఫోను కదలడం వల్ల వచ్చినదై ఉండవచ్చు. అంకెలు స్పష్టంగా ఉండి వాటి వెనుక దృశ్యం మాత్రమే అలుక్కుపోయి ఉంటే లోపం కెమెరా చిత్రంలోనిదే. తర్వాత చూడవలసినది సెకను గుర్తు. చాలా కెమెరాలలో `8"` అంటే ఎనిమిది సెకన్లు, `0"5` అంటే అర సెకను. కొన్నింటిలో భిన్నాన్ని కుదించి ఒట్టి `8` అని చూపినా అది `1/8` అనే అర్థం. తెర మీది మెరుపులో ఆ చిన్న గుర్తు కనబడకపోతే చదివిన విలువ అరవై నాలుగు రెట్లు తప్పుతుంది. పైగా ఆ తెర తీసిన ఫొటోను చూపుతున్నదా, తీయబోయే దృశ్యాన్ని చూపుతున్నదా అన్నది కూడా తేల్చుకోవాలి. రెండవ సందర్భంలో బటన్‌ను సగం నొక్కి వెలుగును కొలిపించేవరకు అంకెలు స్థిరపడవు.

మసక ఏ రకానిదో చెప్పడానికి దృశ్యంలోని దీపాలే మంచి సాక్ష్యం. దీపాలన్నీ ఒకే ఆకారంలో వంకర గీతలుగా సాగి ఉంటే చేయి కదిలింది. దీపాలు గుండ్రని బిళ్లలుగా ఉబ్బి ఉంటే ఫోకస్ తప్పింది, అప్పుడు షట్టర్ స్పీడ్ ఎంత మార్చినా ప్రయోజనం లేదు. దీపాలు, గోడలు స్పష్టంగా ఉండి మనుషులు మాత్రమే చెదిరితే కదిలినది మనుషులే.

ఉదాహరణకు, 18–55 మి.మీ. కిట్ లెన్సు గల ఏపీఎస్-సి కెమెరాను 55 మి.మీ. వద్ద పట్టుకుని రాత్రి చార్మినార్ ముందరి వీధిని తీసినప్పుడు పై మూడు అంకెలే వచ్చాయనుకుందాం. ఐఎస్ఓను 1600 వద్ద బిగించి ఉంచగా, ఆ లెన్సు ఆ చివరన `F5.6` కంటే పెద్దగా తెరుచుకోలేదు కనుక, కెమెరాకు కాలాన్ని సాగదీయడం తప్ప వేరే దారి లేదు. ఇటువంటి కెమెరాను చేతితో పట్టుకున్నప్పుడు నాభ్యంతరాన్ని 1.5తో గుణించి, ఆ సంఖ్యను కింద వేసిన భిన్నం కంటే ఎక్కువ సేపు షట్టర్ తెరిచి ఉంచకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. దాని ప్రకారం ఇక్కడ సుమారు `1/80` కావాలి. ఉన్నది దానికి పది రెట్లు.

అదే చోట లెన్సును 18 మి.మీ.కు తెస్తే రంధ్రం `F3.5` వరకు తెరుచుకుని రెండున్నర రెట్ల వెలుగునిస్తుంది, కాలం `1/20`కి తగ్గుతుంది. ఐఎస్ఓ 3200 చేస్తే `1/40` అవుతుంది. ఈ నాభ్యంతరానికి పరిమితి దాదాపు `1/30` మాత్రమే కనుక కట్టడం స్పష్టంగా వస్తుంది. అయితే సెకనుకు 1.4 మీటర్ల వేగంతో అడ్డంగా నడిచే మనిషి `1/8` సెకనులో 17 సెంటీమీటర్లకు పైగా కదులుతాడు, `1/40`లో కూడా మూడున్నర సెంటీమీటర్లు కదులుతాడు. దగ్గరగా ఉన్నవారి ముఖం చెదరడానికి అది చాలు. ఐఎస్ఓను 12800కు పెంచితే కాలం `1/160` అయి ఆ కదలిక సెంటీమీటరు లోపుకు తగ్గుతుంది, గరుకుదనం మాత్రం బాగా పెరుగుతుంది.

ఐఎస్ఓను ఆటోలో ఉంచదలచినవారు, కెమెరాలో ఆ సౌకర్యం ఉంటే, షట్టర్ స్పీడ్ ఎంతకు తగ్గకూడదో కూడా మెనూలో నిర్ణయించడం మేలు. ట్రైపాడ్ గాని, లెన్సులోని స్థిరీకరణ గాని కెమెరా కదలికను మాత్రమే అరికడతాయి. ఎదుట నడిచే మనిషి వల్ల కలిగే మసకను అవి తగ్గించలేవు.