ప్రతివాది కొత్త విషయం చెబితే.. రిజాయిండర్ ఎలా రాయాలి?

రావాల్సిన అప్పు కోసం మీరు ఆదిలాబాద్ సివిల్ కోర్టులో దావా వేశారు. ప్రతివాది తన రిటన్ స్టేట్‌మెంట్‌లో మీ దావాలో లేని విషయం ఒకటి ముందుకు తెచ్చాడు. దానికి మీరిచ్చే లిఖితపూర్వక జవాబే రిజాయిండర్. కొన్ని రాష్ట్రాల్లో దీన్ని రెప్లికేషన్ అంటారు.

ముందు అనుమతి

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8, రూల్ 9 ప్రకారం దీనికి కోర్టు అనుమతి కావాలి. ప్రతివాది కౌంటర్ క్లెయిమ్ వేస్తే మాత్రం దానికి జవాబివ్వడం మీ హక్కు. అనుమతి కోరే పిటిషన్‌తో పాటు అఫిడవిట్, రిజాయిండర్ ప్రతి జత చేయాలి. రిటన్ స్టేట్‌మెంట్‌లో ఏ పేరా కొత్తదో, దాన్ని దావాలోనే ఎందుకు ప్రస్తావించలేకపోయారో అఫిడవిట్‌లో చెప్పాలి. ఇష్యూలు ఖరారు కాకముందే వేయడం మేలు.

ఒక ఉదాహరణ

మీకు విత్తనాల దుకాణం ఉందనుకుందాం. మీరు ₹3 లక్షల ప్రామిసరీ నోటుపై దావా వేశారు. ‘పత్తి అమ్మిన డబ్బుతో ₹1,20,000 ఫోన్‌లో పంపాను, అది ఈ బాకీకే’ అని ప్రతివాది 6వ పేరాలో రాశాడు. డబ్బు మీ ఖాతాలో పడింది, కానీ అది మీ దుకాణంలో తీసుకున్న విత్తనాలు, ఎరువుల బాకీ కింద వచ్చింది.

ఇక్కడ చాలామంది ‘6వ పేరా అబద్ధం’ అని ఒక్క ముక్కలో రాసేస్తారు. బ్యాంక్ స్టేట్‌మెంట్ బయటికి రాగానే ఆ మాట వాళ్లకే అడ్డం తిరుగుతుంది. ఇలా రాయండి:

‘6వ పేరాకు జవాబు: ఆ తేదీన ₹1,20,000 ముట్టిన మాట నిజం. అది నోటు బాకీకి చెల్లింపు అన్నది నిజం కాదు. ఎరువుల ఖాతా బాకీకి జమ చేసుకున్నాను.’

రాసే ముందు ఆ రోజు వచ్చిన మెసేజ్ చూసుకోండి. ఫలానా అప్పుకే అని చెప్పి పంపిన డబ్బును మీరు తీసుకుంటే, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 59 ప్రకారం దానికే జమ కట్టాలి. ఏమీ చెప్పకపోతే, పరిస్థితులను బట్టి కూడా తెలియకపోతే, ఏ బాకీకి జమ కట్టుకోవాలన్నది సెక్షన్ 60 కింద మీ ఇష్టం.

ఏం రాయకూడదు?

ఎరువుల ఖాతాలో ఇంకా ₹40,000 రావాల్సి ఉన్నా, దాన్ని రిజాయిండర్‌లో అడగకూడదు. ఆర్డర్ 6, రూల్ 7 కొత్త క్లెయిమ్‌ను ఒప్పుకోదు, దావాకు విరుద్ధమైన మాటనూ ఒప్పుకోదు. దానికి రూల్ 17 కింద దావా సవరణ కోరాలి. విచారణ మొదలయ్యాక ఆ సవరణ దొరకడం కష్టం.

వేయకపోతే?

రిజాయిండర్ వేయనంత మాత్రాన ప్రతివాది మాటను ఒప్పుకున్నట్టు కాదని కె. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రిటన్ స్టేట్‌మెంట్‌లోని వాదనలను కేవలం కాదనడానికి ఇది అవసరం లేదు. పై ఉదాహరణలోలా చెల్లింపు నిజమై, దానికి వేరే కారణం ఉన్నప్పుడు మాత్రం వేయాలి. లేదంటే సాక్ష్యం చెప్పే రోజు ఎరువుల ఖాతా మాట ఎత్తగానే ‘ఇది మీ వాదనల్లో ఎక్కడుంది?’ అని అవతలి లాయర్ అడ్డుకుంటారు.