బూటు నుంచి బ్రేకు షూ దాకా

ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండదారుల్లో బరువు బండ్లు దిగుడులో ఉరుకుతుంటే, తోలేవాళ్లు చక్రానికి పాత బూట్లు అదిమిపెట్టేవారట. ఆ తంతు హెర్బర్ట్ ఫ్రూడ్ కంట్లో పడిందని చెబుతారు. బూటు కన్నా గట్టిగా పట్టేది, త్వరగా అరగనిది కావాలనుకుని 1897లో ఆయన రసాయనాల్లో నానబెట్టిన నూలు పట్టీలతో బ్రేకు దిమ్మెలు చేయడం మొదలుపెట్టాడు. నూలు వేడికి మాడిపోయేది. అందుకే 1908లో ఆస్బెస్టాస్‌కి మారాడు. ఆయన ఇంటిపేరుకు భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి, అటూ ఇటూ మారిస్తే వచ్చినదే ‘ఫెరోడో’ అన్న ఆయన బ్రేకు లైనింగుల పేరు.

ఈలోగా 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే గిన్నె లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు విచ్చుకుని, గిన్నె గోడను లోపలినుంచి ఒరుసుకుంటాయి. 1946లో వచ్చిన వెస్పా ఈ పద్ధతినే వాడింది. బజాజ్ చేతక్‌లో వెనక బ్రేకు కుడికాలి కింద ఉండేది. ఈనాటి స్కూటర్లలో అది ఎడమ చేతికి వచ్చింది. గిన్నె లోపల పని మాత్రం పెద్దగా మారలేదు.

షూలకి ఒక చివర కీలు, రెండో చివర వాటి మధ్య క్యామ్ అనే బల్లపరుపు ముక్క ఉంటాయి. లివరు నొక్కితే కేబుల్ బయటి ఆర్మ్‌ను లాగుతుంది, క్యామ్ తిరిగి షూలను విడదీస్తుంది. లైనింగ్ అరిగేకొద్దీ క్యామ్ ఇంకొంచెం ఎక్కువ తిరగాలి. అందుకే లివరు రోజురోజుకీ లోతుకు పోతుంది. ఆర్మ్ దగ్గరి నట్టు బిగిస్తే ఆ వదులు పోతుంది, కానీ పోయిన లైనింగ్ తిరిగి రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

నట్టు సరిచేయడం పది నిమిషాల పని. సెంటర్ స్టాండ్ వేసి, లివరు చివరను వేలితో మెల్లగా నొక్కాలి. బ్రేకు పట్టేలోపు ఆ చివర కదిలే దూరం చాలా బళ్లకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండి పుస్తకంలో ఇంకో అంకె ఉంటే దాన్నే నమ్మండి. ఆర్మ్‌ను చేత్తో ముందుకు తోసి పట్టుకుంటే నట్టు సులువుగా తిరుగుతుంది. అర చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ నట్టు గాడి కింది పిన్ను మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. కూర్చోకపోతే దారిలో అదే కూర్చుంటుంది, వదులు మళ్లీ వస్తుంది. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఒరుసుకుంటున్న శబ్దం వస్తే అర చుట్టు వెనక్కి తిప్పాలి. మరీ బిగించిన బ్రేకు వదిలినా ఒరుసుకుంటూనే వేడెక్కుతుంది. లైనింగ్ మీద అద్దంలాంటి నునుపు వచ్చి పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిందని ఇంకా బిగించేవాళ్లూ ఉన్నారు!

షూలు మార్చాలో లేదో తెలియడానికి మామూలుగా చక్రం విప్పనక్కర్లేదు. చాలా బళ్లలో ఆర్మ్ దగ్గర చిన్న బాణం, ప్లేటు మీద ఒక గుర్తు ఉంటాయి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు బాణం గుర్తును చేరితే షూల ఆయుష్షు తీరినట్టే, నట్టు తిరగడానికి ఇంకా ఎన్ని మరలున్నా సరే.

అయితే ఆ బాణాన్నీ గుడ్డిగా నమ్మకూడదని నాకు ఖర్చుతో తెలిసొచ్చింది. నా పాత స్కూటరుకు లివరు దాదాపు గ్రిప్పును తాకేది. బాణం మాత్రం గుర్తుకు చాలా దూరంలోనే ఉండేది. విప్పితే ఒక షూ లైనింగ్ 1.8 మిల్లీమీటర్లు, రెండోది 2.4. కొత్తవి సుమారు 4 ఉంటాయి, 2కి దిగితే మార్చాలి. మరి బాణం అబద్ధం ఎందుకు చెప్పింది? అంతకుముందు ఎవరో ఆర్మ్‌ను ఊడదీసి, క్యామ్ ఇరుసు పళ్ల మీద ఒక పన్ను జరిపి బిగించారు. ఆ బండిలో బాణం ఆర్మ్ మీదే ఉండేది, దాంతో అదీ వెనక్కి జరిగింది. రెండు షూలు సమానంగా అరగకపోవడం మాత్రం తప్పు కాదు. చక్రం తిరుగుడుకు గిన్నె గోడకేసి లాగబడే షూ ఎక్కువ పని చేస్తుంది, ఎక్కువ అరుగుతుంది. కానీ మార్చేటప్పుడు రెండూ, వాటి స్ప్రింగులతో సహా మార్చాలి.

కొత్తవి వేశాక నట్టును బాగా వదులు చేసి, మొదటినుంచి సర్దుకోవాలి. డ్రమ్ము లోపల గాడి పడితే, లేదా వ్యాసం దానిమీద అచ్చువేసిన గరిష్ఠ అంకెను దాటితే, కొత్త షూలు వేసి లాభం లేదు, డ్రమ్ము కూడా మార్చాలి.

డ్రమ్ములోని నల్లపొడిని గాలితో ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని ధూళి ఊపిరితిత్తులకు కాన్సర్ తెస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.